‘ఎట్టకేలకు’ వచ్చిన ధన్యవాదం: కృతజ్ఞత వెటకారంగా ఎక్కడ మారుతుంది?

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు ఒకటి ఉందనుకుందాం. మే నెల ఉక్కపోతలో బోరు మోటారు కాలిపోయింది. మోటారును పైకి లాగడానికి ఒక రోజు పట్టింది, రీవైండింగ్‌కు రెండు రోజులు పట్టింది, మళ్లీ దించి పైపులు బిగించేసరికి నాలుగో రోజు రాత్రయింది. ఆ నాలుగు రోజులూ ట్యాంకర్లు తెప్పించింది, మెకానిక్ వెంటపడింది, ఫ్లాట్ల నుంచి వచ్చే ఫిర్యాదులన్నీ విన్నది సంఘం సెక్రటరీ. ఆయన పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఐదో రోజు ఉదయం కుళాయిల్లో నీళ్లు రాగానే మూడో అంతస్తులో ఉంటున్న, రుషికొండలో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఇలా రాసింది:

“ఎట్టకేలకు నీళ్లు వచ్చాయి.. సెక్రటరీ గారికి ధన్యవాదాలు. పాపం చాలా కష్టపడ్డారు 🙂🙏🙏🙏”

ఆ అమ్మాయి నిజంగానే కృతజ్ఞతతో రాసింది. అయిదు నిమిషాల్లో ఎవరో ఆ సందేశానికి నవ్వుతో కన్నీళ్లు కార్చే బొమ్మ తగిలించారు. పావుగంట తర్వాత సెక్రటరీ నుంచి “మీ అభిమానానికి ధన్యవాదాలు.” అని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. సాయంత్రం లిఫ్టు దగ్గర ఎదురైతే ఆయన ముఖం తిప్పుకున్నారు.

ఇక్కడ తప్పు ఎక్కడ జరిగిందంటే చాలామంది ముందుగా ఆ అమ్మాయి పెట్టిన చిరునవ్వు బొమ్మ వైపు చూపిస్తారు. మరికొందరు ‘ధన్యవాదాలు’ తర్వాత పెట్టిన చుక్కను అనుమానిస్తారు. కానీ ఒక్కొక్క భాగాన్నీ విడిగా తీసి చూస్తే అసలు కాటు ఆ రెండింటిలోనూ లేదని తేలుతుంది. ఒక కృతజ్ఞతా సందేశం ఎదుటివారికి ఎత్తిపొడుపుగా వినిపిస్తుందో లేదో పంపే ముందే తెలుసుకోవాలంటే ఈ విడదీసి చూసే పద్ధతే పనికొస్తుంది. అందుకే ఈ ఉదాహరణను చివరిదాకా వదలకుండా పట్టుకుని నడుద్దాం.

ముందుగా, రాసినవారికి తమ వెటకారం లేనితనం ఎందుకంత స్పష్టంగా కనిపిస్తుందో చూడాలి. రాసేటప్పుడు ఆ వాక్యం వారి తలలో ఒక గొంతుతో పలుకుతుంది. మన అలంకారశాస్త్రం దీన్ని ‘కాకువు’ అంటుంది, అంటే భావాన్ని బట్టి గొంతులో వచ్చే మార్పు. ఒకే వాక్యం కాకువు మారితే మెచ్చుకోలూ అవుతుంది, దెప్పూ అవుతుంది. ఫోనులో టైపు చేసిన అక్షరాలకు ఆ గొంతు అంటుకోదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరికొందరు కలిసి ప్రచురించిన మనస్తత్వశాస్త్ర ప్రయోగాలు ఈ విషయాన్నే కొలిచాయి. తమ వాక్యం గంభీరంగా అన్నదో వ్యంగ్యంగా అన్నదో చదివేవారు వందకు 78 సార్లు సరిగ్గా పోల్చుకుంటారని రాసినవారు అనుకున్నారు. గొంతుతో వినిపించినప్పుడు ఆ అంచనా దాదాపు నిజమై 73 దాకా వచ్చింది. ఈమెయిలులో మాత్రం 56 దగ్గరే ఆగిపోయింది. రెండింటిలో ఏదో ఒకటి చెప్పాలన్నప్పుడు నాణెం ఎగరేసినా యాభై దాకా సరిపోతాయి కాబట్టి 56 అంటే దాదాపు ఊహించి చెప్పినట్టే. ఈ ప్రయోగాల్లోని మరో మెలిక మనకు మరింత ఉపయోగపడుతుంది. తాము రాసినదాన్ని తాము ఉద్దేశించినదానికి వ్యతిరేకమైన గొంతుతో పైకి చదివినవారిలో ఆ అతివిశ్వాసం తగ్గింది.

పరీక్ష అక్కడే మొదలుపెట్టాలి. పంపబోయే సందేశాన్ని మనసులో ఉన్న గొంతుతో కాకుండా, ఎవరినైనా దెప్పాలని కూర్చున్నప్పుడు వచ్చే గొంతుతో ఒకసారి పైకి చదవాలి. ఆ గొంతు వాక్యానికి అతకకపోతే, చదువుతున్నవారికే నవ్వొస్తే, భయపడాల్సిన పని లేదు. ఆ గొంతు కూడా సులువుగా అతికిందంటే, కోపంగా ఉన్న మనిషికి ముందు వినిపించేది అదే. “ఎట్టకేలకు నీళ్లు వచ్చాయి” అన్న మాటను అలా చదివి చూస్తే ఎంత చక్కగా అతుకుతుందో తెలుస్తుంది. నిజం చెప్పాలంటే దాన్ని మెచ్చుకోలు గొంతుతో చదవడమే కొంచెం కష్టం.

ఇప్పుడు ఒక్కొక్క భాగాన్నీ తీసి చూద్దాం. బొమ్మలన్నీ తొలగిస్తే సందేశం ఇలా మిగులుతుంది: “ఎట్టకేలకు నీళ్లు వచ్చాయి. సెక్రటరీ గారికి ధన్యవాదాలు. పాపం చాలా కష్టపడ్డారు.” కాటు అలాగే ఉంది, బహుశా కొంచెం పెరిగింది కూడా. ఈసారి బొమ్మలన్నీ ఉంచి మాటలు మార్చితే: “నీళ్లు వచ్చాయి అంకుల్, థాంక్యూ 🙂🙏🙏🙏” అవుతుంది. కాటు పోయింది. అవే నాలుగు బొమ్మలు, అదే మనిషి, అదే ఉదయం. కాబట్టి బొమ్మలు ఈ సందేశంలో వెటకారాన్ని పుట్టించలేదు. మాటల్లో అప్పటికే ఉన్న అనుమానాన్ని అవి ఎగదోశాయి, అంతే. సరిచేయడానికి కూర్చున్నప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. బొమ్మ తీసేసి ఊపిరి పీల్చుకున్నవారు అసలు ముల్లును అలాగే వదిలేసినట్టు.

ముల్లు మాటల్లో ఉన్నప్పుడు దాన్ని ఏ మాటలో వెతకాలి? తెలుగులో కాలానికీ పరిమాణానికీ సంబంధించిన చిన్న చిన్న మాటల్లో వెతకాలి. ‘ఎట్టకేలకు’, ‘ఇప్పటికైనా’, ‘కనీసం’, ‘మొత్తానికి’ అన్నవి పొగడ్త పక్కన నిలబడితే చాలు, అంతకుముందు జరిగిన జాప్యాన్ని వేలెత్తి చూపిస్తాయి. ‘ఎట్టకేలకు’ రాసిన అమ్మాయి తన ఊరటను చెప్పుకుంటోంది. చదివిన సెక్రటరీకి మాత్రం నాలుగు రోజుల లెక్క వినిపిస్తోంది. మాట ఒకటే, ఊరట ఒకరిది, లెక్క మరొకరిది. ‘ఇప్పటికైనా పంపినందుకు ధన్యవాదాలు’ లాంటి వాక్యంలో అయితే మర్యాదగా చదవడానికి చోటే మిగలదు.

‘పాపం’ దీనికన్నా సూక్ష్మమైనది. జాలి చూపించడానికి తెలుగులో ఇంతకన్నా ఆత్మీయమైన మాట దొరకదు, అందుకే ఆ అమ్మాయి వాడింది. అయితే జాలి ఎప్పుడూ పైనుంచి కిందికి దిగుతుంది. అరవై దాటిన మనిషిని, నలుగురూ చూసేచోట, పాతికేళ్ల మనిషి ‘పాపం’ అంటే, ఆయన పని చేతగాక అవస్థపడ్డట్టు చదువుకునే అవకాశం ఉంది. అదే మాటను ఆయన లేనిచోట వాళ్ల అమ్మతో “పాపం ఆయన చాలా కష్టపడ్డారమ్మా” అని అంటే అందులో వెటకారపు ఛాయ కూడా కనిపించదు. మనిషి గురించి మరొకరితో చెప్పేటప్పుడు ఒదిగే మాట, ఆ మనిషికే నేరుగా చెప్పేటప్పుడు గుచ్చుకుంటుంది.

ఇటువంటి రెండంచుల మాటలు మనకు చాలానే ఉన్నాయి. ‘మీ పుణ్యమా అని’ అన్నదే తీసుకుంటే, “మీ పుణ్యమా అని పిల్లాడికి సీటొచ్చింది” అన్నప్పుడు చేతులెత్తి మొక్కినట్టుంటుంది, “మీ పుణ్యమా అని రైలు తప్పిపోయింది” అన్నప్పుడు చెంప ఛెళ్లుమన్నట్టుంటుంది. ‘మహా’, ‘మహానుభావులు’, ‘తమరు’ లాంటివి ఇప్పుడు దాదాపుగా ఎత్తిపొడుపుల్లోనే బతికి ఉన్నాయని చెప్పవచ్చు. క్రియ చివర చేరే అక్షరాల బలం మరీ ఎక్కువ. “చేశారు” మామూలు మాట, “చేశారులే” అంటే కొట్టిపారేసినట్టు, “చేశారుగా మరి” అంటే నిలదీసినట్టు. ‘లే’, ‘గా’, ‘మరి’ నోటితో అన్నప్పుడు నవ్వుతో కలిసి కరిగిపోతాయి కానీ తెరమీద అవి ఒంటరిగా కూర్చుంటాయి. సాయం పొందినట్టు గట్టిగా చెప్పాలంటే దీనికి విరుగుడు కూడా క్రియలోనే ఉంది. ‘చేసి పెట్టారు’ అన్నప్పుడు ఆ ‘పెట్టు’ వల్ల పని ఎదుటివారి కోసం చేసినట్టు తెలుస్తుంది, ఆ మాటను వెటకారానికి వాడాలంటే కొంచెం శ్రమ పడాలి.

పరిమాణం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. చిన్న సాయానికి పెద్ద పొగడ్త వేస్తే చదివేవారు మిగిలిన భాగానికి వేరే అర్థం వెతుక్కుంటారు. పొగుడుతున్నట్టుగా తిట్టడం, తిడుతున్నట్టుగా పొగడడం అనే రెండింటికీ కలిపి మన ఆలంకారికులు ‘వ్యాజస్తుతి’ అని పేరు పెట్టారంటే, పొగడ్త ఉన్నచోట నిందను పసిగట్టే అలవాటు ఈ భాష చదువరులకు ఎంత పాతదో ఊహించవచ్చు. పెన్ను ఇచ్చినవారికి ‘హృదయపూర్వక కృతజ్ఞతాభివందనాలు’ అని రాస్తే ఎవరూ దాన్ని వినయమనుకోరు. సన్మాన పత్రంలో అదే మాట ఒక్కరికీ వింతగా అనిపించదు.

ఇక పిలుపు సంగతి. ఆ అమ్మాయి రోజూ ఆయన్ను ‘అంకుల్’ అని పిలుస్తుంది, ఆయన ‘అమ్మా’ అంటారు. ఆ రోజు సందేశంలో మాత్రం ఆయన ‘సెక్రటరీ గారు’ అయ్యారు. గ్రూపులో రాస్తున్నాం కదా, పద్ధతిగా ఉండాలని ఆమె అనుకుని ఉండవచ్చు. కానీ దగ్గరివారి మధ్య ఉన్నట్టుండి పెరిగిన మర్యాద, తెలుగిళ్లలో అలకకు మొదటి గుర్తు. భర్తను పేరుతో పిలిచే భార్య ఒకనాడు “సరేనండి, ధన్యవాదాలండి” అన్నదంటే ఆయనకు ఆ పూట జాగ్రత్తగా ఉండాలని అర్థమవుతుంది. చిన్నప్పటి స్నేహితుడు ‘గారు’ తగిలించినా అంతే. తగ్గిన మర్యాద ఎంత గుచ్చుతుందో, అలవాటుకు మించి పెరిగిన మర్యాదా అంతే గుచ్చుతుంది. ఈ పరీక్ష చాలా సులువు. ఆ మనిషితో గత నెలలో జరిగిన సంభాషణను వేలితో పైకి జరుపుతూ చూసుకుంటే సరిపోతుంది. మామూలుగా ఎలా పిలుస్తున్నామో అలాగే పిలవాలి. ‘థాంక్స్ అండి’ అని రాసే అలవాటున్న చోట ‘ధన్యవాదాలు’ కూడా కాస్త దూరం జరిపేదే. ఆ మాట సభల్లో, ఉత్తరాల్లో, బోర్డుల మీద రాసిన ప్రకటనల్లో ఉండే మాట. ఇంట్లో, ఆఫీసులో నోటినుంచి వచ్చేది ఎక్కువగా ‘థాంక్స్’, ‘థాంక్యూ’నే. భాషాభిమానులకు నచ్చకపోయినా, సంస్కృతం నుంచి వచ్చిన ఆ మాట కన్నా ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్న మాటే ఈ సందర్భంలో వెచ్చగా ఉంటోంది.

విరామచిహ్నాల దగ్గరికి వద్దాం. ఒంటరి చుక్క గురించి బాగా తెలిసిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయంలో సిలియా క్లిన్ బృందం 126 మంది విద్యార్థులకు చిన్న చిన్న సంభాషణలు చూపించింది. ఫోను సందేశంలో ఒకే ఒక్క మాటతో ఇచ్చిన జవాబు చివర చుక్క ఉంటే, చుక్క లేని జవాబు కన్నా అది తక్కువ నిజాయితీగా అనిపించిందని వారు చెప్పారు. అదే జవాబు చేతిరాత చీటీలో ఉన్నప్పుడు చుక్క వల్ల తేడా రాలేదు. అంటే దోషం చుక్కది కాదు, చుక్క అక్కరలేని చోట దాన్ని పనిగట్టుకుని పెట్టారన్న భావనది. ఫోనులో సందేశం పంపడమే వాక్యం ముగిసిందని చెబుతుంది, ఆ తర్వాత కూడా చుక్క కనబడితే తలుపు వేసినట్టుంటుంది.

ఈ ఫలితాన్ని తెలుగు సందేశాలకు నేరుగా అంటించకూడదు. అది ఇంగ్లీషు సందేశాల మీద, కాలేజీ వయసు వారితో, ఒక్క మాట జవాబులకు పరిమితమై చేసిన పరిశీలన. మనవాళ్లలో యాభై దాటినవారు బళ్లో నేర్చిన అలవాటుతో ప్రతి వాక్యానికీ చుక్క పెడతారు, వారి చుక్కలో ఏ కోపమూ ఉండదు. ఇరవైల్లో ఉన్నవారు ఎప్పుడూ పెట్టని చుక్క ఒకరోజు పెడితే దానికి ఒక అర్థం ఉంటుంది. అందుకే చూడవలసింది చుక్క ఉందా లేదా అని కాదు, రాసినవారి అలవాటు నుంచి ఆ చుక్క పక్కకు జరిగిందా అని. సెక్రటరీ రాసిన “మీ అభిమానానికి ధన్యవాదాలు.” అన్న వాక్యంలో చుక్క ఆయన రోజూ పెట్టేదే. ఆ అమ్మాయి ఆ చుక్కను చూసి భయపడి ఉంటే అనవసరంగా భయపడినట్టే. భయపడాల్సింది ‘అభిమానానికి’ అన్న మాటను చూసి. ఆయన ఎప్పుడూ అలా రాయరు, ఎత్తిపొడుపుకు ఎత్తిపొడుపునే తిప్పికొట్టారు.

రెండు చుక్కల విషయంలో తరాల మధ్య అపార్థం ఇంకా ఎక్కువ. పెద్దవారు చాలామంది ‘..’ను కామా బదులు, ఊపిరి తీసుకునే చోటు గుర్తుగా వాడతారు. చిన్నవారికి అది నోట్లో మింగేసిన మాటలా కనిపిస్తుంది: “నీళ్లు వచ్చాయి.. (ఇంకా చెప్పాలా?)”. మన ఉదాహరణలో ఈ రెండు చుక్కలు ‘ఎట్టకేలకు’తో మొదలైన వాక్యానికి తోకగా రావడం వల్ల ఆ మింగేసిన మాట ఏమిటో ఊహించుకోవడం తేలికైంది. వేరే వాక్యం చివర అవే ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

కొటేషన్ గుర్తులను గురించి మాత్రం ఇటువంటి మినహాయింపులేవీ చెప్పనక్కరలేదు. మాటను నొక్కి చెప్పడానికి కొందరు దాని చుట్టూ కొటేషన్లు పెడతారు, దుకాణాల బోర్డుల నుంచి వచ్చిన అలవాటు కావచ్చు. కానీ తెలుగు పత్రికల శీర్షికల్లో ఒంటి కొటేషన్ల మధ్య పడిన మాటకు వ్యంగ్యార్థం వెతుక్కోవడం చదువరులకు ఏళ్ల తరబడి అలవాటైపోయింది. ‘మీ “సాయం” మరువలేనిది’ అని రాస్తే ఎంత మంచి మనసుతో రాసినా, సాయం కాని సాయం అనే అర్థమే ముందు తలుపు తడుతుంది. కృతజ్ఞతా సందేశంలో కొటేషన్లు కనబడితే మరో ఆలోచన లేకుండా తీసేయడమే మేలు.

బొమ్మల విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే మాటలు కొన్ని, మనకే చెందినవి కొన్ని ఉన్నాయి. 🙂 బొమ్మ, అక్షరాలకూ బొమ్మలకూ అన్ని ఫోన్లలో ఒకే సంకేతాన్నిచ్చే యూనికోడ్‌ ప్రమాణంలోకి 2014లో వచ్చింది, దాని అధికారిక నామం ప్రకారం అది ‘కొద్దిగా నవ్వుతున్న ముఖం’. ఆ ‘కొద్దిగా’ అన్నదే గొడవకు మూలం. నిజంగా నవ్వడానికి 😊 లాంటి నిండు ముఖాలు చేతికి అందుబాటులో ఉండగా కొద్దిగా నవ్వారంటే, పళ్లు బిగబట్టి నవ్వారని కుర్రకారు చదువుతారు. పెద్దలకు అది మామూలు చిరునవ్వే. ఇక్కడ పంపింది చిన్నమనిషి, చదివింది పెద్దాయన కాబట్టి సెక్రటరీని గుచ్చింది ఈ బొమ్మ కాకపోవచ్చు. కానీ గ్రూపులో మిగతా పందొమ్మిది ఫ్లాట్లవారు కూడా చదువుతున్నారు. నవ్వుతో కన్నీళ్ల బొమ్మ తగిలించినవారు బహుశా ఈ ముఖాన్ని చూసే, ఇది చురక అని తేల్చుకుని, దానికి తోడు నిలిచారు. ఆ తర్వాత సెక్రటరీకి సందేహం మిగల్లేదు. ఒకరికి రాసే సందేశానికీ గ్రూపులో రాసే సందేశానికీ అసలు తేడా ఇదే. గ్రూపులో అర్థాన్ని నిర్ణయించేది అందుకున్నవారు ఒక్కరే కాదు, ముందుగా స్పందించినవారు కూడా.

ఒకే బొమ్మను చూసి కూడా అది మంచిదో చెడ్డదో జనం ఏకాభిప్రాయానికి రాలేరని 2016లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఒకే కంపెనీ గీసిన ఒకే బొమ్మను చూపినప్పుడు కూడా, అది సానుకూలమా, ప్రతికూలమా, మధ్యస్థమా అన్న విషయంలో దాదాపు నాలుగింట ఒక వంతు సందర్భాల్లో చదివేవారు విభేదించారు. పైగా ఒక్కొక్క ఫోను ఆ బొమ్మను ఒక్కోలా గీస్తుంది.

మనకే చెందిన చిక్కు 🙏 దగ్గర ఉంది. 2010లో యూనికోడ్‌లోకి వచ్చినప్పుడు దీనికి ‘చేతులు జోడించిన వ్యక్తి’ అని పేరు పెట్టారు. చేతులు జోడించడం తెలుగువారికి నమస్కారం, కృతజ్ఞత, ప్రార్థన, సంతాపం, క్షమాపణ, అన్నీను. వీటితో పాటు మరొకటి కూడా ఉంది, అదే ‘నీకో దండం’. విసిగిపోయిన మనిషి “మీకో దండం బాబూ, ఇక నన్ను వదిలేయండి” అంటూ రెండు చేతులూ జోడించడం విశాఖ బస్సులోనైనా రైతుబజారులోనైనా రోజూ కనిపించే దృశ్యం. ఆ దండం బొమ్మగా మారితే మొక్కే దండానికీ వదిలించుకునే దండానికీ తేడా ఉండదు. తేడా తెలియాలంటే చుట్టూ చూడాలి. స్పష్టమైన కృతజ్ఞతా వాక్యం తర్వాత ఒక్క 🙏 ఉంటే అది మొక్కే. ఫిర్యాదు వాసన ఉన్న మాట తర్వాత వరుసగా మూడు ఉంటే అది ‘మీకో దండం’ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. మాట ఏమీ లేకుండా మూడు దండాలే వస్తే అది ఏ దండమో పంపినవారికే తెలియాలి. మన సందేశంలో ‘ఎట్టకేలకు’ మొదట్లో, మూడు దండాలు చివర్లో. మధ్యలో ఉన్న ‘ధన్యవాదాలు’ పాపం ఈ రెండింటి నడుమ నలిగిపోయింది.

ఇంతవరకూ చూసినవన్నీ సందేశంలో కనిపించేవి. కనిపించనిది ఒకటుంది, నిజానికి పరీక్ష దానితోనే మొదలవ్వాలని చెప్పినా తప్పులేదు. అందుకునేవారికి ఈ విషయంలో ఏం గుర్తుంది? సెక్రటరీకి గుర్తున్నది నాలుగు రోజుల్లో గ్రూపులో పడిన ముప్పై నలభై ఫిర్యాదులు, ‘మెయింటెనెన్స్ డబ్బులు ఏమవుతున్నాయి’ అని ఎవరో వేసిన ప్రశ్న. ఆ జ్ఞాపకంతో ఆయన ఏ సందేశాన్ని తెరిచినా ముందు దెబ్బకే సిద్ధపడి తెరుస్తారు. అదే మోటారు ఫిర్యాదులేవీ లేకుండా ఒక పూటలో బాగై ఉంటే, ‘ఎట్టకేలకు’ అని రాసినా ఆయన నవ్వేసేవారు. సాయం చేసిన మనిషి అదే పనిలో ఆలస్యం చేశారన్న నింద కూడా మోస్తున్నప్పుడు, మామూలు రోజుల్లో దాటిపోయే చుక్కలూ దండాలూ కూడా ముళ్లవుతాయి. కాబట్టి సందేశం పంపే ముందు వేసుకోవలసిన ప్రశ్న ‘నా మాట బాగుందా’ అని కాదు, ‘ఈ పనిలో ఆయన్ను ఎవరైనా తప్పుపట్టారా, తప్పుపడితే దేనికి’ అని. జవాబు ‘ఆలస్యానికి’ అయితే, సందేశంలో కాలాన్ని సూచించే ఒక్క మాట కూడా ఉండకూడదు.

మరొకరిచేత చదివించడం మంచి అలవాటే కానీ అడిగే తీరులో జాగ్రత్త ఉండాలి. “ఇది బాగుందా?” అంటే బాగుందనే చెబుతారు. “ఇది రాసిన మనిషి ఏ మూడ్‌లో ఉన్నట్టుంది?” అని అడిగితే అసలు జవాబు వస్తుంది. అయితే ఆ మూడో మనిషికి సెక్రటరీ జ్ఞాపకం ఉండదు కాబట్టి, మోటారు కథ రెండు ముక్కల్లో చెప్పి మరీ చదివించాలి. కథ చెప్పకముందు ‘మామూలుగానే ఉంది’ అన్నవారు, చెప్పాక ‘అబ్బే, ఇది పంపకు’ అంటే, లోపం మాటల్లో కన్నా సందర్భంలో ఎక్కువ ఉన్నట్టు.

ఇప్పుడు ఆ అమ్మాయి సందేశాన్ని మళ్లీ రాస్తే ఎలా ఉంటుంది? ‘ఎట్టకేలకు’ పోతుంది. ‘పాపం’ పోతుంది. పిలుపు అలవాటైనదే అవుతుంది. పొగడ్త స్థానంలో ఆమె కళ్లతో చూసిన ఒక విషయం వస్తుంది, దాని వల్ల ఇంట్లో ఏం మారిందో వస్తుంది:

“అంకుల్, పొద్దున్నే నీళ్లు వచ్చాయి. నిన్న రాత్రి పదకొండింటికి కూడా మీరు మెకానిక్‌తో బోరు దగ్గరే నిలబడి ఉండటం చూశాను. ఈ రోజు అమ్మ ట్యాంకరు కోసం దిగక్కర్లేకుండా వంట చేసుకుంది. థాంక్యూ అండి 🙏”

ఇందులో చుక్కలున్నాయి, దండమూ ఉంది. అయినా దెప్పే గొంతుతో చదవబోతే పట్టు దొరకదు. ‘చాలా కష్టపడ్డారు’ అన్నది ఎవరి గురించైనా, ఏ గొంతుతోనైనా అనగల మాట, వెటకారానికి అది తయారుగా దొరికే సరుకు. ‘రాత్రి పదకొండింటికి బోరు దగ్గర’ అన్నది చూసినవారు మాత్రమే చెప్పగల మాట. ఇక్కడా ఒక మెలకువ ఉంది. ఎంచుకున్న వివరం శ్రమకు సంబంధించినదై ఉండాలి, జాప్యానికి కాదు. “నాలుగు రోజుల తర్వాత మా అమ్మ స్నానం చేసింది” అన్నది కూడా కళ్లతో చూసిన వివరమే, కానీ అది ‘ఎట్టకేలకు’ను వెనక తలుపు నుంచి మళ్లీ లోపలికి రానిస్తుంది.

ఈ పరీక్షకు లొంగని సందర్భం ఒకటి ఉంది. ‘ఎట్టకేలకు’ అన్న మాట చేయిజారి పడింది కాకపోవచ్చు. నాలుగు రోజులు బిందెలు మోసిన విసుగు ఆ అమ్మాయిలోనూ కొంత ఉండి, అదే ఆ మాటగా బయటపడి ఉండవచ్చు. అప్పుడు వాక్యాన్ని ఎంత దిద్దినా విసుగు మరో మాటలోంచి తొంగిచూస్తుంది, ఒకటి తీస్తే ‘మొత్తానికి’ అని మరొకటి వస్తుంది. మూడుసార్లు దిద్దినా అదే రకం మాట మళ్లీ వస్తోందంటే, అది రాత లోపం కాదని గుర్తించాలి. అటువంటప్పుడు కృతజ్ఞత ఒక సందేశంలో, స్పేర్ మోటారు ఎందుకు పెట్టుకోలేదన్న ప్రశ్న సంఘం తర్వాతి సమావేశంలో వేర్వేరుగా చెప్పడం తప్ప మార్గం లేదు. రెండూ ఒకే వాక్యంలో కూర్చుంటే ఎప్పుడూ రెండోదే వినిపిస్తుంది.

అపార్థం జరిగిపోయాక గ్రూపులోనే “నేను నిజంగానే అన్నాను అంకుల్” అని రాయడం మరింత నష్టం. ‘నిజంగానే’ అన్న మాటే అంతకుముందు అబద్ధంగా వినిపించిందని ఇరవై ఇళ్లకూ చాటుతుంది, దానికి మరో నవ్వు బొమ్మ తప్పదు. ఫోను చేయడమో, లిఫ్టు దగ్గర ఆగి రాత్రి పదకొండింటి సంగతి నోటితో చెప్పడమో నయం, అక్కడ కాకువు పనిచేస్తుంది. మాట ఎక్కిందో లేదో ఆయన జవాబులోనే తెలిసిపోతుంది. “మీ సహృదయతకు కృతజ్ఞతలు” అన్నారంటే ఇంకా కరగలేదన్నమాట. “దానికేముందమ్మా, మెకానిక్ దొరకడమే కష్టమైపోయింది” అని మోటారు కథ మొదలుపెట్టారంటే ఆ పావుగంట నిలబడి వినాలి.